బస్తా మీద 53 ఉంటే చాలా?

సిమెంటు కొట్టు ముందు నిలబడ్డ ఇంటి యజమాని నోట ముందుగా వచ్చే మాట "53 గ్రేడు ఉందా?" అనే. 43 అంటే కొంచెం తక్కువ రకమని, పీపీసీ అంటే బూడిద కలిపిన కల్తీ సరుకని, 53 అయితే ఇక తిరుగులేదని చాలామంది నమ్మకం. ఇల్లు హైదరాబాదులోనా, భీమిలి ఒడ్డునా, భీమవరం పక్కన రొయ్యల చెరువుల మధ్యనా అని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి మొదట అడగాల్సింది అదే.

ముందు ఆ 53 ఏమిటో చూద్దాం. ల్యాబులో ఒక వంతు సిమెంటుకు మూడు వంతుల ఇసుక కలిపి చిన్న దిమ్మలు పోస్తారు. ఆ ఇసుక కూడా ఏదో ఒకటి కాదు, చెన్నై దగ్గర ఎన్నూరు నుంచి వచ్చే ప్రామాణిక ఇసుక. దిమ్మ ఒక్కో పక్క ఏడు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, అంటే దాని ముఖం వైశాల్యం 50 చదరపు సెంటీమీటర్లు. 27 డిగ్రీల నీళ్లలో ఉంచి, 28వ రోజున యంత్రంలో పెట్టి నలుగుతుందాకా నొక్కుతారు. చదరపు మిల్లీమీటరుకు సగటున 53 న్యూటన్ల ఒత్తిడి తట్టుకుంటే అది 53 గ్రేడు. మామూలు లెక్కలో చెప్పాలంటే, అరచేతిలో పట్టే ఆ దిమ్మ మీద సుమారు 27 టన్నుల బరువు పెట్టినా పగలకూడదు. 43 గ్రేడుకు, 33 గ్రేడుకు కూడా ఇదే పరీక్ష, అంకె ఒక్కటే వేరు.

కాబట్టి గ్రేడు అనేది ల్యాబులో, కొలిచి పోసిన నీళ్లతో, 28 రోజులకు వచ్చిన నలుగుడు బలం. అంతకు మించి అది ఏమీ చెప్పదు. మీ స్లాబు బలం ఎంతో చెప్పదు, ఎందుకంటే అది కంకర మీద, ఇసుక మీద, అన్నిటికంటే ఎక్కువగా మేస్త్రీ పోసిన నీళ్ల మీద ఆధారపడుతుంది. బస్తా సిమెంటుకు 22 లీటర్లు పోయాల్సిన చోట 32 లీటర్లు పోస్తే, 53 గ్రేడు వాడినా కాంక్రీటు బలం మూడో వంతు దాకా తగ్గిపోవచ్చు. నేలలోని లవణాలను, సముద్రపు గాలిని అది ఎన్నేళ్లు తట్టుకుంటుందన్నది కూడా గ్రేడు అంకెలో ఉండదు.

ఇక్కడే పీపీసీ మీద, స్లాగ్ సిమెంటు మీద ఉన్న అపోహ గురించి ఒక మాట. ఈ రెండింటికీ బీఐఎస్ ప్రమాణంలో 28 రోజుల కనీస బలం 33 అని ఉంటుంది. "అయితే ఇది 33 గ్రేడే కదా" అని తీసిపారేస్తారు. 33 అన్నది దాటి తీరాల్సిన గీత మాత్రమే. కంపెనీలు అమ్మే సరుకు మామూలుగా ఆ గీతకు చాలా పైనే ఉంటుంది. పైగా ఈ సిమెంట్లు మొదట్లో నెమ్మదిగా గట్టిపడినా, 28 రోజుల తర్వాత కూడా బలం పుంజుకుంటూనే ఉంటాయి. మూడు నెలలు తిరిగేసరికి బాగా తడిపిన స్లాగ్ కాంక్రీటు మామూలు సిమెంటు కాంక్రీటును అందుకుంటుంది, ఒక్కోసారి దాటిపోతుంది కూడా. 28వ రోజున ఫొటో తీసి పోటీ ఫలితం చెప్పేస్తే దానికి అన్యాయం చేసినట్టే.

రకాల మధ్య తేడా తెలియాలంటే బస్తా లోపలికి తొంగిచూడాలి. సున్నపురాయిని, బంకమన్నును కలిపి సుమారు 1450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకరు అనే గుళికలు వస్తాయి. తాడిపత్రిలోనో, జగ్గయ్యపేటలోనో, మఠంపల్లిలోనో బట్టీ నుంచి దిగేది అదే. దానికి కొంచెం జిప్సం చేర్చి మెత్తగా రుబ్బితే ఓపీసీ, అంటే 43, 53 అని మనం అడిగే మామూలు సిమెంటు. క్లింకరులో ముఖ్యమైన పదార్థాలు నాలుగు. రెండు సిలికేట్లు బలాన్ని ఇస్తాయి. మిగతా రెండింటిలో ఒకటి అల్యూమినేట్. పాళ్లలో చూస్తే చిన్నదే గానీ, మన కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. నీళ్లు తగలగానే అందరికంటే ముందు స్పందించేది, వేడి పుట్టించేది ఇదే. ఆ దూకుడు అదుపులో ఉంచడానికే జిప్సం కలుపుతారు.

కాంక్రీటు గట్టిపడ్డాక బయటి నుంచి సల్ఫేటు లవణాలు లోపలికి చేరితే, మిగిలి ఉన్న ఈ అల్యూమినేట్ పదార్థాలు వాటితో కలిసి సూదుల్లాంటి స్ఫటికాలుగా మారతాయి. ఎట్రింజైట్ అంటారు వాటిని. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడు ఇవి ఏర్పడితే ఇబ్బంది లేదు, చోటు ఉంటుంది. గట్టిపడ్డాక ఏర్పడితే చోటు చాలక లోపలి నుంచి తోస్తాయి. ముందు అంచులు, మూలలు తెల్లబారి రాలతాయి. తర్వాత సన్నటి పగుళ్లు వల అల్లినట్టు వస్తాయి. చివరికి గోటితో గీకితే పొడి రాలేంత మెత్తబడుతుంది. పునాది కింద జరిగేది కాబట్టి బయటపడేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

దీనికి విరుగుడుగా వచ్చిందే సల్ఫేటు నిరోధక సిమెంటు, కొట్లలో ఎస్ఆర్‌సీ అంటారు. దీని కిటుకు సూటిగా ఉంటుంది. గొడవకు కారణం అల్యూమినేట్ కాబట్టి, క్లింకరులోనే దాన్ని 5 శాతానికి మించకుండా తయారుచేస్తారు. మామూలు ఓపీసీలో అది దీనికి రెట్టింపు దాకా ఉండొచ్చు. అల్యూమినేట్ తగ్గితే తొలిరోజుల దూకుడూ తగ్గుతుంది. అందుకే ఎస్ఆర్‌సీకి మూడో రోజున ఉండాల్సిన బలం 10 మాత్రమే, 53 గ్రేడుకు 27. సెంట్రింగు విప్పే తొందర ఉన్న పనికి ఇది పనికిరాదని అక్కడే తెలిసిపోతుంది.

మరి సెల్లార్ కట్టే ప్రతివాళ్లూ ఎస్ఆర్‌సీ తెచ్చుకోవాలా? అక్కర్లేదు. నేలలో, భూగర్భజలంలో సల్ఫేటు ఎంత ఉందన్నదే లెక్క. మన కాంక్రీటు ప్రమాణం ఐఎస్ 456 ఈ విషయంలో నేలలను ఐదు తరగతులుగా విడదీసింది. లీటరు నీటిలో సల్ఫేటు 0.3 గ్రాముల లోపు ఉంటే మొదటి తరగతి, అక్కడ ఏ సిమెంటయినా ఒకటే. 1.2 గ్రాముల దాకా రెండో తరగతి. అక్కడ కూడా ఓపీసీ, పీపీసీ, స్లాగ్ అన్నీ చెల్లుతాయి, కాకపోతే సిమెంటు కొంచెం పెంచి నీళ్లు తగ్గించాలి. 2.5 గ్రాముల దాకా మూడో తరగతి. ఇక్కడి నుంచి ఉత్త ఓపీసీ జాబితాలోంచి తప్పుకుంటుంది. ఎస్ఆర్‌సీ వాడాలి, లేదా సిమెంటు పాలు ఇంకా పెంచి పీపీసీ గానీ స్లాగ్ గానీ వాడొచ్చు. అంతకు మించిన నాలుగో తరగతిలో ఎస్ఆర్‌సీదే రాజ్యం. 5 గ్రాములు దాటిన ఐదో తరగతిలో ఎస్ఆర్‌సీ వాడి, దాని మీద రక్షణ పూత కూడా వేయాలి.

హైదరాబాదులో గ్రానైటు తొలిచి తీసే సెల్లార్లలో మామూలుగా సల్ఫేటు పెద్ద సమస్య కాదు. అక్కడ ఎస్ఆర్‌సీ కోసం ఊరంతా తిరగడం వృథా. జిప్సం పలుకులు కనిపించే నల్లరేగడిలో, చవుడు నేలల్లో, ఫ్యాక్టరీల మురుగు ఇంకే చోట మాత్రం అనుమానించాలి. అనుమానం తీర్చుకోవడం కష్టమేమీ కాదు. గుంత తవ్వినప్పుడు అడుగున ఊరిన నీళ్లు ఒక శుభ్రమైన సీసాలో, ఒక కిలో మట్టి కవరులో పట్టుకెళ్లి సల్ఫేటు, క్లోరైడు, పీహెచ్ చూడమంటే చాలా ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులు చేసిపెడతాయి. సెల్లార్‌కు పెట్టే ఖర్చులో ఇది లెక్కలోకే రాదు.

సెల్లార్ గోడకు మరో చిక్కు ఉంది. దానికి ఒక పక్క తడి మట్టి, ఇంకో పక్క పొడిగాలి. బయటి నీళ్లు గోడలోకి పాకి, లోపలి ముఖం దగ్గర ఆవిరైపోతాయి. నీళ్లు పోతాయి గానీ అవి మోసుకొచ్చిన లవణాలు అక్కడే పేరుకుంటాయి. అంటే భూగర్భజలంలో ఒక గ్రాము ఉన్నా, ఏళ్ల తరబడి గోడ లోపలి పొరలో చేరేది దానికి ఎన్నో రెట్లు. అందుకే ఇలాంటి పలచటి గోడలకు పట్టికలో ఉన్నదానికంటే కూడా నీళ్లు తగ్గించమని ప్రమాణం హెచ్చరిస్తుంది. సెల్లార్ గోడ మీద తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే చాలామంది గీకి రంగు వేస్తారు. నీళ్లు ఏ పగులులోంచి, ఏ అతుకులోంచి వస్తున్నాయో చూడకుండా రంగు వేస్తే ఆరు నెలల్లో ఆ రంగు కూడా పెచ్చులుగా లేస్తుంది.

ఇంకో సంగతి, ఏ సిమెంటూ వాటర్ ప్రూఫింగ్ కాదు. సెల్లార్లలో నీళ్లు కారేది ఎక్కువగా నిన్నటి పోతకు, నేటి పోతకు మధ్య అతుకులోంచి, వైబ్రేటరు సరిగ్గా ఆడించని చోట మిగిలిన గుల్లల్లోంచి. దానికి జాగ్రత్త అతుకులో వాటర్ స్టాప్ పట్టీ పెట్టడం, పోత బాగా కుదించడం. మందమైన రాఫ్టు పునాదికి 53 గ్రేడు వాడితే వేడి త్వరగా పుట్టి, లోపల వేడిగా పైన చల్లగా ఉండి పగుళ్లు వచ్చే ప్రమాదం ఒకటి అదనం. సెల్లార్ కింద అంత దిట్టమైన పోతకు నెమ్మదిగా వేడెక్కే పీపీసీ, స్లాగ్ సిమెంట్లే మేలు.

ఇక సముద్రం దగ్గరికి వద్దాం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. తీరంలో ఇల్లు కట్టేవాళ్లకు "ఉప్పునీళ్లు కదా, ఎస్ఆర్‌సీ వాడండి" అని సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది. సముద్రపు నీటిలో సల్ఫేటు ఉంది, అంకె పట్టుకుని చూస్తే మూడో తరగతిలోకి వస్తుంది కూడా. కానీ లీటరు సముద్రపు నీటిలో ఉండే సుమారు 35 గ్రాముల ఉప్పులో సింహభాగం క్లోరైడు, దాదాపు 19 గ్రాములు. ఈ క్లోరైడు సమక్షంలో సల్ఫేటు దాడి తీవ్రత తగ్గుతుంది. తీరంలో కట్టడాలను కూల్చే అసలు శత్రువు క్లోరైడు, అది కొట్టేది కాంక్రీటును కాదు, లోపలి ఇనుమును.

కాంక్రీటు లోపల క్షారగుణం చాలా ఎక్కువ. ఆ వాతావరణంలో ఊచ చుట్టూ కంటికి కనపడనంత సన్నటి రక్షణ పొర ఏర్పడుతుంది, అది ఉన్నంతకాలం తుప్పు పట్టదు. క్లోరైడు ఊచ దాకా చేరిందంటే ఆ పొరను అక్కడక్కడ చిల్లులు పొడుస్తుంది. తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి కవరు పగులుతుంది. పగులు ఊచ దారినే నిలువుగానో అడ్డంగానో సూటిగా పోతే, పక్కన గోధుమరంగు మరక దిగితే, అది క్లోరైడు పనే అని దాదాపు రూఢి చేసుకోవచ్చు. సల్ఫేటు పగుళ్లయితే వలలా ఉంటాయి, మరక ఉండదు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో పాత ఇళ్ల సన్‌షేడుల అడుగున, బాల్కనీ అంచుల్లో పెచ్చులూడి ఊచలు బయటపడ్డ దృశ్యం చూడనివారుండరు. పూర్తిగా నీట మునిగిన భాగం కంటే, అలల తుంపర పడుతూ ఆరుతూ ఉండే భాగమే ముందు పాడవుతుంది. తుప్పుకు ఉప్పుతో పాటు గాలి కూడా కావాలి మరి.

ఇప్పుడు అల్యూమినేట్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి. సల్ఫేటు విషయంలో దొంగగా కనిపించిన ఆ పదార్థమే క్లోరైడు విషయంలో కాపలాదారు. లోపలికి వచ్చే క్లోరైడులో కొంత భాగాన్ని అల్యూమినేట్ పట్టుకుని కొత్త సమ్మేళనంగా బంధించేస్తుంది. బంధించిన క్లోరైడు ఊచ దాకా వెళ్లలేదు. ఎస్ఆర్‌సీలో అల్యూమినేట్‌ను కావాలనే తీసేశారు కాబట్టి క్లోరైడును ఆపే చేతులు కూడా తగ్గిపోయాయి. కాంక్రీటును కాపాడబోయి ఇనుమును వదిలేసినట్టయింది. అందుకే ఐఎస్ 456, సల్ఫేటుతో పాటు క్లోరైడు కూడా ఉన్న చోట ఎస్ఆర్‌సీకి బదులు 5 నుంచి 8 శాతం అల్యూమినేట్ ఉన్న ఓపీసీ వాడటం మంచిదని, లేదా 50 శాతం పైన స్లాగ్ ఉన్న సిమెంటు వాడొచ్చని చెబుతుంది.

స్లాగ్ అంటే ఉక్కు ఫ్యాక్టరీ బ్లాస్ట్ ఫర్నేసులో ఇనుము మీద తేలే కరిగిన తెట్టు. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్లేది ఇదే. దాన్ని తీరిగ్గా చల్లారనిస్తే రాయి అవుతుంది, రోడ్డు కంకరకు తప్ప పనికిరాదు. ఎర్రగా ఉండగానే నీటి ధారలు కొట్టి ఒక్కసారిగా చల్లబరిస్తే గాజు స్వభావంతో ఇసుక పలుకుల్లా విరుగుతుంది. ఈ గాజుతనమే దాని విలువ. మెత్తగా రుబ్బి క్లింకరుతో కలిపితే స్లాగ్ సిమెంటు, బస్తా మీద పీఎస్‌సీ అని ఉంటుంది. స్లాగ్ పాలు 25 నుంచి 70 శాతం దాకా ఉండొచ్చు.

నీళ్లు తగిలినప్పుడు సిమెంటు గట్టిపడుతూ సున్నాన్ని విడుదల చేస్తుంది. ఓపీసీ కాంక్రీటులో ఆ సున్నం అలాగే మిగిలిపోయి, ఊటనీటికి కరిగిపోతుంది, సల్ఫేటుకు ఆహారమవుతుంది. స్లాగ్ ఉంటే ఆ సున్నాన్ని వాడుకుని మరికొంత బంకను తయారుచేస్తుంది. ఆ బంక కాంక్రీటులోని సన్నటి రంధ్రాలను పూడ్చేస్తుంది. దాంతో సల్ఫేటు, క్లోరైడు రెండింటి నడకా మందగిస్తుంది. పైగా స్లాగులో ఉన్న అల్యూమినా క్లోరైడును పట్టుకునే పని కూడా చేస్తుంది. ఒకే సిమెంటు రెండు శత్రువులకూ సమాధానం అయ్యేది అందుకే. థర్మల్ కేంద్రాల బూడిద కలిసిన పీపీసీ కూడా ఈ పనే చేస్తుంది. ఇబ్రహీంపట్నం, రామగుండం చిమ్నీల కింద పోగయ్యే బూడిదను పనికిరాని చెత్త అనుకోవడం మన పొరపాటు.

ఒక లెక్క వేసి చూద్దాం. భీమిలిలో సముద్రానికి బాగా దగ్గరలో ఒక ఇల్లు అనుకోండి. కింద 12 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు సెల్లార్. గుంతలో నీళ్లు పరీక్ష చేయిస్తే లీటరుకు సల్ఫేటు 0.8 గ్రాములు, క్లోరైడు కూడా బాగానే ఉందని తేలింది. సల్ఫేటు లెక్కన ఇది రెండో తరగతి: స్లాగ్ సిమెంటుతో ఘనపు మీటరుకు కనీసం 330 కిలోలు, నీళ్లు సిమెంటు బరువులో సగానికి మించకూడదు. తీర ప్రాంతం లెక్కన ఇది తీవ్ర వాతావరణం: కాంక్రీటు కనీసం ఎం30, సిమెంటు 320 కిలోలు, నీళ్లు 0.45 వంతు, ఊచల మీద కవరు 45 మిల్లీమీటర్లు. రెండింటిలో ఏది గట్టిదైతే అది తీసుకోవాలి. అంటే ఎం30, 330 కిలోలు, 0.45, 45 మిల్లీమీటర్లు.

330 కిలోలంటే ఘనపు మీటరుకు ఆరున్నర బస్తాలకు కొంచెం ఎక్కువ. చుట్టు గోడ 44 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, మందం 200 మిల్లీమీటర్లయితే 26.4 ఘనపు మీటర్లు, సుమారు 174 బస్తాలు. ఒక్కో బస్తాకు నీళ్లు 22 లీటర్లన్నర. ఇందులో ఇసుకలో ఉన్న తడి కూడా లెక్కే. బస్తాకు పడే 80 కిలోల ఇసుకలో 5 శాతం తడి ఉంటే నాలుగు లీటర్లు ముందే వచ్చేసినట్టు, ఇక పోయాల్సింది పద్దెనిమిదిన్నరే. ఈ నీళ్లతో మిశ్రమం బిగుసుగా ఉంటుంది, మేస్త్రీ పైపు అందుకుంటాడు. అక్కడ పోయాల్సింది నీళ్లు కాదు, ప్లాస్టిసైజరు ద్రావకం. దాని మోతాదు ఇంజినీరు నిర్ణయించాలి. కలిపే నీళ్లు కూడా ఒడ్డున వేసిన బోరువి కాకూడదు. ఇనుముతో పోసే కాంక్రీటుకు నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని నియమం. ఉప్పు బయట నుంచి రాకముందే మనమే లోపల పోసి పెట్టుకుంటే ఏ సిమెంటు ఏం చేస్తుంది?

కవరు సంగతి మరీ ముఖ్యం. మామూలుగా ఊచల కింద పెట్టేది పాతిక మిల్లీమీటర్ల సిమెంటు బిళ్ల. ఒక్కోసారి అదీ ఉండదు, కంకర ముక్క ఉంటుంది. క్లోరైడు కాంక్రీటులో పాకే కాలం, దూరం పెరిగిన కొద్దీ వర్గం లెక్కన పెరుగుతుంది. 25కు బదులు 45 పెడితే ఊచను చేరడానికి దాదాపు మూడింతల కాలం పడుతుంది. సిమెంటు రకం మార్చి సాధించేది కవరు తగ్గించి పోగొట్టుకోవడం కంటే తెలివితక్కువ పని లేదు.

ఈ సెల్లార్‌కు 50 శాతం పైన స్లాగ్ ఉన్న సిమెంటు కావాలి కదా. అన్ని పీఎస్‌సీ బస్తాల్లో అంత ఉంటుందన్న నమ్మకం లేదు. డీలరు ద్వారా ఆ వారపు సరుకుకు కంపెనీ ఇచ్చే పరీక్ష పత్రం తెప్పించుకుంటే స్లాగ్ శాతం అందులో ఉంటుంది. లేదా రెడీమిక్స్ ప్లాంటును అడిగితే ఓపీసీకి రుబ్బిన స్లాగును కావలసిన పాళ్లలో వాళ్లే కలిపి తెస్తారు. 53 గ్రేడు ఓపీసీకి నిజమైన చోటు అక్కడే: రెడీమిక్స్ ప్లాంట్లు, ముందుగా పోసి తెచ్చే స్తంభాలు, పైపులు, ప్రీస్ట్రెస్డ్ గర్డర్లు, మూడో రోజుకే బలం కావాల్సిన పనులు.

స్లాగ్ సిమెంటు అడిగేది ఒకటే, ఓపిక. ఓపీసీ కాంక్రీటును కనీసం 7 రోజులు తడపాలని నియమం, స్లాగ్, పీపీసీలకు 10 రోజులు. మన ఎండల్లో 14 రోజులు తడిపితే మంచిది. నిలువు గోడ మీద మడి కట్టడం కుదరదు కాబట్టి గోనెపట్టాలు కప్పి తడుపుతూ ఉండాలి. ఈ పని ఎగ్గొడితే స్లాగ్ సిమెంటు మేలు చేయకపోగా కీడు చేస్తుంది. సగంలో ఆరిపోయిన స్లాగ్ కాంక్రీటు పైపొర గుల్లబారి, సున్నం కూడా తగ్గిపోయి ఉండటంతో గాలిలోని బొగ్గుపులుసు వాయువుకు త్వరగా లొంగుతుంది. నీళ్లు కొట్టించే మనిషి లేని సైటులో స్లాగ్ వాడొద్దనే నేను చెబుతాను. సెంట్రింగు కూడా అలాగే. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు పోట్లు 7 రోజులకు తీయొచ్చన్న లెక్క ఓపీసీది. స్లాగ్, పీపీసీలకు ఇంజినీరును అడిగి ఇంకొన్ని రోజులు ఉంచాలి, చలికాలంలో మరీను.

పలకలు విప్పగానే స్లాగ్ కాంక్రీటు కొన్నిసార్లు నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో కనిపిస్తుంది. చూసిన యజమాని పాచి పట్టిందనో, సిమెంటు పాడైందనో కంగారు పడతాడు. స్లాగులోని గంధక సమ్మేళనాల వల్ల వచ్చే రంగు అది, గాలి తగిలితే కొద్ది రోజుల్లో పోతుంది. లోపలి దాకా స్లాగ్ పని మొదలైందనడానికి గుర్తే తప్ప లోపం కాదు.

తీరం, ఉప్పు నేల కాని చోట, మామూలు ఇంటికి ఇంత ఆలోచన అక్కర్లేదు. పునాది నుంచి స్లాబు దాకా పీపీసీ చాలు. గోడ కట్టుబడికి, ప్లాస్టరింగుకైతే 53 కంటే పీపీసీయే మంచిది. మెత్తగా రుబ్బింది కాబట్టి మాలు చేతికి వెన్నలా వస్తుంది, ప్లాస్టరింగులో సన్నటి వెంట్రుక పగుళ్లు తగ్గుతాయి. బస్తా కొనేటప్పుడు రంగుల బొమ్మ, పెద్ద అక్షరాల పేరు కాకుండా ఐఎస్ఐ ముద్ర మీద ఉన్న అంకె చూడండి. 269 ఉంటే ఓపీసీ, 1489 ఉంటే పీపీసీ, 455 ఉంటే స్లాగ్, 12330 ఉంటే ఎస్ఆర్‌సీ. కొన్ని బస్తాల మీద 16415 కనిపిస్తుంది, అందులో బూడిద, స్లాగ్ రెండూ కలుస్తాయి. "కోస్టల్", "మెరైన్", "సూపర్ స్ట్రాంగ్" అన్న పేర్లు కంపెనీ పెట్టుకున్నవి, అంకె ఒక్కటే ప్రమాణం చెప్పింది.

ఆ అంకె పక్కనే ఎక్కడో ఏ ఏడాది ఎన్నో వారంలో నింపారో కూడా వేసి ఉంటుంది. తీరం గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అది ఇంకా జాగ్రత్తగా చూడాలి. మూడు నెలలు నిలవున్న సిమెంటు బలం ఐదో వంతు దాకా తగ్గిపోతుంది. బస్తా మీద చేత్తో నొక్కితే లోపల గడ్డలు తగిలి, అవి వేళ్ల మధ్య పొడిగా నలగకపోతే ఆ బస్తా వెనక్కి పంపేయాలి. సైటుకు తెచ్చినవి చెక్క పలకల మీద, గోడకు ఓ అడుగు ఎడంగా, పది బస్తాలకు మించకుండా పేర్చి, ముందు వచ్చినవి ముందు విప్పాలి.